కామా తర్వాతి మాట

గురజాల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురు సందులో, తన ఇంట్లోనే, హైమావతి దస్తావేజులు రాస్తుంది. భర్త బతికి ఉన్నప్పుడు ఆయన చెప్తుంటే టైపు చేసేది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు రాసేదీ ఆమే, టైపు చేసేదీ ఆమే. అమ్మకం పత్రమైనా, భాగపంపకాలైనా, హద్దులు రాసేటప్పుడు ఆమె పక్కన ఎవరూ మాట్లాడకూడదు. తూర్పున ఎవరి పొలం, పడమర ఏ డొంక, అంతా చివరి అక్షరం దాకా చదివితే గానీ ప్రింటు నొక్కదు.

ఆమె కంప్యూటరు పాతది. పన్నెండేళ్ళ కిందట కొన్నది. జూలై మొదటి వారంలో ఒకరోజు అది నల్ల తెర చూపించి ఆగిపోయింది. బస్టాండు దగ్గర రిపేరు కొట్టు పెట్టుకున్న యాకూబ్ వచ్చి చూసి, హార్డ్ డిస్కు చెడిపోయిందన్నాడు. కొత్త డిస్కు వేసి, విండోస్ మళ్ళీ ఎక్కించి, రేపు సాయంత్రానికి ఇస్తానని పట్టుకెళ్ళాడు.

రేపు కాదు, మూడు రోజులు పట్టింది. ఫోను చేసినప్పుడల్లా "ఇంకొంచెం పని ఉందక్కా" అనేవాడు. ఏం పని అంటే చెప్పేవాడు కాదు. మూడో రోజు చీకటి పడే వేళకు తెచ్చి బిగించాడు. పాత డిస్కు ఒక కవర్లో పెట్టి చేతికిచ్చి, డబ్బులు తీసుకుని హడావిడిగా వెళ్ళిపోయాడు. కంప్యూటరు డబ్బా వెనక ఇంతకుముందు అతికించి ఉన్న కంపెనీ స్టిక్కరు అడ్డంగా చిరిగి ఉండటం ఆమె మర్నాడు ఊడుస్తున్నప్పుడు చూసింది. మూతకుండే మరమేకుల్లో ఒకటి తక్కువైంది.

మనసులో ఏదో పొడుచుకుంది. కానీ కంప్యూటరు బాగానే నడుస్తోంది. తెలుగు టైపు వస్తోంది. సరేలే అనుకుంది.

పది రోజులకు కొత్త స్కానరు వచ్చింది. అమ్మే కొనే పార్టీల ఆధార్లు, ఆస్తి వెనకటి లింకు దస్తావేజులు ఇప్పుడు స్కాన్ చేసి పంపాల్సి వస్తోందని కొన్నది. దాని సాఫ్ట్‌వేరు కంపెనీ వెబ్‌సైటు నుంచి దించుకోవాలని స్కానరు అట్టపెట్టె మీద రాసి ఉంది. ఆ పేజీలో రెండు బటన్లు కనపడ్డాయి. ఒకదాని మీద ఎక్స్86, రెండో దాని మీద ఎక్స్64 అని ఉంది. ఏది నొక్కాలో తెలియలేదు.

నరసరావుపేటలో కొత్త కంప్యూటర్లు అమ్మే భానుప్రకాష్ ఆమెకు అన్న వరసయ్యే ఆయన కొడుకు. అతనికి ఫోను చేసింది.

"ఎనభై ఆరు పెద్ద నంబరు గదా, అదే కొత్తదై ఉంటది. అది నొక్కనా?"

భానుప్రకాష్ నవ్వాడు. "అయ్యో అత్తయ్యా, ఎనభై ఆరంటే పాతది. ముప్పై రెండు బిట్లది. పేరే అట్టా పెట్టారు. అరవై నాలుగు కొత్తది. మీ కంప్యూటరు కొన్న బిల్లుందా?"

ఆమె దగ్గర లేని కాగితం ఉండదు. బీరువాలోంచి ఫైలు తీసి చదివింది. కోర్ టూ డుయో ప్రాసెసరు, నాలుగు జీబీ ర్యామ్, అరవై నాలుగు బిట్లు అని ఉంది.

"ఇంకేం, అరవై నాలుగు నొక్కండి."

నొక్కింది. ఫైలు దిగింది. దాని మీద రెండుసార్లు నొక్కితే తెర మధ్యలో నీలం పెట్టె వచ్చింది. ఈ అప్లికేషను మీ కంప్యూటర్లో నడవదు అని ఇంగ్లీషులో. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే.

భానుప్రకాష్ గొంతు మారింది. "నడవదా? ఒక పని చేయండి. ‘దిస్ పీసీ’ అని ఉంటది చూడండి, దాని మీద కుడి బటన్ నొక్కి, కింద ‘ప్రాపర్టీస్’ నొక్కండి. వచ్చిందా? అందులో ‘సిస్టమ్ టైప్’ అన్న చోట ఏముందో చదవండి."

కళ్ళజోడు సర్దుకుని చదివింది. "థర్టీ టూ బిట్ ఆపరేటింగ్ సి..."

"చాలత్తయ్యా, చాలు. ర్యామ్ దగ్గర?"

"నాలుగు జీబీ. పక్కన బ్రాకెట్లో మూడు పాయింట్ రెండు ఐదు యూజబుల్ అని ఉంది."

భానుప్రకాష్ ఒక్కొక్క ముక్కా పేర్చినట్టు అన్నాడు.

"బిల్లులో అరవై నాలుగు, ఇప్పుడు ముప్పై రెండు. నాలుగు జీబీ మూడైంది. మధ్యలో ఎవరి చెయ్యి పడింది?"

"యాకూబ్‌ది." మూడు రోజుల సంగతీ, స్టిక్కరు చిరిగిన సంగతీ కూడా చెప్పింది.

"నేను ఒకరి గురించి అననత్తయ్యా. మీకే అర్థమవుద్ది. మూడు రోజులు దగ్గర పెట్టుకున్నాడంటున్నారు. స్టిక్కరు చింపాడంటున్నారు. లోపల పార్టులు మారిస్తే బయటికి తెలియదు గదా. ఎట్టాగూ ఆ డబ్బాతో ఇంక పని కాదు. నాకు పంపించండి, ఎక్స్ఛేంజిలో కొత్తది ఇప్పిస్తా."

ఫోను పెట్టేశాక హైమావతి ఆ డబ్బా వంక చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ తన ఇంట్లో మనిషిలా ఉన్నది ఒక్కసారిగా పరాయిదిలా కనిపించింది. లోపల ఏముందో తనకేం తెలుసు? మూత తీసి చూసినా ఏది తనదో, ఏది కాదో గుర్తుపట్టగలదా? పొలమైతే రాయి జరిపిన సంగతి కొలిస్తే తెలుస్తుంది. దీన్ని దేంతో కొలవాలి?

ఆ సాయంత్రం టీ తాగడానికి వచ్చిన ఇద్దరు తోటి లేఖరులతో ఆ మాట అంది. అనుమానంగానే అంది, ఖాయంగా అనలేదు. కానీ మాట సందు దాటేసరికి ఖాయమైపోయింది. రెండు రోజులు తిరక్కుండానే, యాకూబ్ పార్టులు మారుస్తాడని ఊళ్ళో అనుకోవడం మొదలైంది. ఒక ప్రైవేటు బడి కరస్పాండెంటు బాగుచేయమని ఇచ్చిన ఆరు కంప్యూటర్లను యాకూబ్ ముట్టుకోకముందే ఆటోలో వేయించుకుని తీసుకెళ్ళిపోయాడు.

ఆమె మరిది గోపాలరావుకు సంగతి తెలిసింది. ఊళ్ళో పంచాయితీలకు తిరిగే మనిషి, గొంతు పెద్దది.

"ఏంది వదినా, నీ కంప్యూటర్లో దొంగతనం జరిగితే ఊరంతా తెలిసినాక నాకు తెలియాలా? పద. డబ్బా ఎత్తు. వాడి కొట్టు ముందే తేలుద్దాం."

"తొందరపడబాకు గోపాలరావూ. ముందు అడుగుదాం."

"అడిగేదేంది? అడిగితే ఒప్పుకుంటాడా?"

మర్నాడు ఉదయం పదింటికి ఆటోలో కంప్యూటరు, బిల్లు ఫైలు, పాత డిస్కు ఉన్న కవరు పెట్టుకుని బస్టాండు దగ్గరికి వెళ్ళారు. యాకూబ్ కొట్టు చిన్నది, రెండు బల్లలు పడితే మనిషి పక్కకు తిరగాలి. ముప్పై అయిదేళ్ళవాడు. ఏదో ప్రింటరు విప్పి కూర్చున్నాడు. వాళ్ళను చూడగానే లేచి నిలబడ్డాడు. నవ్వలేదు. మాట అతని దాకా అప్పటికే వచ్చింది.

"ఏం యాకూబూ," అన్నాడు గోపాలరావు, రోడ్డు మీదివాళ్ళకు వినపడేట్టు. "అరవై నాలుగు తీసి ముప్పై రెండు పెట్టావంట. ఆడమనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నావా?"

కిళ్ళీ కొట్టు దగ్గర ఉన్న నలుగురూ ఇటు తిరిగారు.

యాకూబ్ గోపాలరావు వైపు చూడలేదు. "అక్కా, మీరు కూడా అదే అనుకుంటున్నారా?"

హైమావతి బిల్లు ఫైలు ముందుకు పెట్టింది. వెనక్కి తగ్గలేదు. "బిల్లులో ఒకటుంది, తెర మీద ఒకటుంది. ర్యామ్ తగ్గింది. మూడు రోజులు ఏం చేశావో చెప్పలేదు. స్టిక్కరు చిరిగింది. నేనేమనుకోవాలి?"

"స్టిక్కరు మూత అంచు మీద ఉంది. అది తెగకుండా మూత రాదు. మరమేకు నా దగ్గరే పడిపోయింది, తప్పు నాదే, వేసిస్తా. మిగతాది నేను చెప్తే మీరు నమ్మరు." అతను బల్ల మీద చోటు చేసి, తెరా, కీబోర్డూ ముందుకు జరిపాడు. తను వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. "నేను ముట్టుకోను. వైర్లు మీరే పెట్టండి. మౌసు మీరే పట్టుకోండి. నేను ఇక్కణ్ణుంచి చెప్తా, అంతే."

ఆమె వైర్లు పెట్టింది. కంప్యూటరు తెరుచుకుంది. భానుప్రకాష్ చెప్పిన దారిలోనే వెళ్ళి సిస్టమ్ టైప్ దగ్గర ఆగింది.

"ఇదిగో, ముప్పై రెండు బిట్ అని ఉంది."

"ఆ లైను మొత్తం చదవండక్కా."

"థర్టీ టూ బిట్ ఆపరేటింగ్ సిస్టమ్," అంటూ చదివి, ఆగింది. తర్వాత కామా ఉంది. కామా తర్వాత ఇంకా ఉంది. "ఎక్స్ సిక్స్టీ ఫోర్ బేస్డ్ ప్రాసెసర్."

ఆమె ఆ లైను ఇంకోసారి లోపల చదువుకుంది. కామాకు ముందు ఒక సంగతి, తర్వాత వేరే సంగతి. ఒకే సంగతి అనుకుని సగంలో ఆపేసింది.

"ముందుది విండోస్ గురించి," అన్నాడు యాకూబ్. "నేను ఎక్కించింది ముప్పై రెండు బిట్ల విండోస్. రెండోది ప్రాసెసరు గురించి. అది మీ బిల్లులో ఉన్నదే, అరవై నాలుగు. నిజంగా నేను పాత ప్రాసెసరు పెట్టి ఉంటే అక్కడ ఎక్స్86 అని ఉండేది. మీరు దించింది అరవై నాలుగు ఫైలు. ప్రాసెసరు సరిపోయినా విండోస్ ముప్పై రెండుది కాబట్టి ఒప్పుకోదు. ర్యామ్ కూడా అంతే. నాలుగు జీబీ లోపలే ఉంది. ముప్పై రెండు బిట్ల విండోస్ దాన్ని మొత్తం వాడుకోలేదు, మూడు చిల్లరే వాడుద్ది."

"తెర మీద అక్షరాలు నువ్వే ఎక్కించి ఉండొచ్చు," అన్నాడు గోపాలరావు. అయితే గొంతు ఇందాకటంత పెద్దగా లేదు.

"ఉండొచ్చు," అన్నాడు యాకూబ్. "అందుకే పాత డిస్కు అక్క చేతికిచ్చా. అది నా దగ్గర లేదు గదా ఇన్ని రోజులూ?"

హైమావతి కవరు గట్టిగా పట్టుకుంది. లేదు. తన బీరువాలో, తాళం కింద ఉంది.

"ఆ బల్ల మీద కేబులుంది. డిస్కుకి పెట్టి, రెండో చివర ఆ లాప్‌టాప్‌కి పెట్టండి. చెడిపోయినా కొంత చదువుద్ది."

చాలాసేపు చిన్న దీపం మిణుకుమంది. డిస్కు లోపల టిక్కు టిక్కుమని శబ్దం వచ్చింది. చివరికి ఫోల్డర్లు కనపడ్డాయి.

"ప్రోగ్రామ్ ఫైల్స్ అని ఎన్ని ఉన్నాయి?"

"ఒకటే."

"అరవై నాలుగు బిట్ల విండోస్ అయితే రెండు ఉంటాయి, రెండోదాని పక్కన ఎక్స్86 అని రాసి. ఒకటే ఉందంటే మీకు ముందునుంచీ ఉన్నది కూడా ముప్పై రెండే. పన్నెండేళ్ళూ అదే వాడారు. ఎప్పుడూ చూడలేదు, అంతే."

ఆమె స్టూలు మీద కూర్చుంది. కానీ ఒక్క ముడి ఇంకా విడలేదు. దస్తావేజులో ఒక్క హద్దు కలవకపోయినా సంతకం పెట్టనివ్వని మనిషి.

"ప్రాసెసరు అరవై నాలుగుదే అయితే, కొత్తగా వేసేటప్పుడు అరవై నాలుగే వెయ్యొచ్చు గదా? ర్యామ్ మొత్తం వాడుకునేది. ఎందుకు వెయ్యలేదు?"

యాకూబ్ మొదటిసారి ఆమె వైపు సూటిగా చూశాడు. "వేశా. మొదటి రోజు అదే వేశా." సొరుగు చూపించాడు. "పైన సొరుగులో నీలం డిస్కుంది. ఆ రోజు వేసిన అరవై నాలుగు విండోస్ అందులోనే ఉంది. కంప్యూటరు ఆపి, మూత తీసి, ఇప్పుడున్న డిస్కు వైర్లు తీసి దానికి పెట్టండి. తర్వాత మీ టైపింగ్ తాళం పెట్టండి."

తాళమంటే ఆమె సంచిలో ఉన్న, కంప్యూటరు వెనకాల యూఎస్‌బీకి గుచ్చే వేలెడంత ముక్క. అది ఉంటేనే ఆమె తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది. భర్త కొన్నది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి ఏళ్ళయింది. ఆమె పెన్ డ్రైవుల్లో దాచుకున్న పన్నెండేళ్ళ దస్తావేజుల నకళ్ళన్నీ ఆ అక్షరాల్లోనే ఉన్నాయి.

నీలం డిస్కుతో కంప్యూటరు లేచింది. ఆమే ప్రాపర్టీస్ తెరిచింది. అరవై నాలుగు బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, కామా, ఎక్స్64 బేస్డ్ ప్రాసెసర్. ర్యామ్ నాలుగు జీబీ, అందులో మూడు పాయింట్ ఎనిమిది ఏడు వాడుకోవచ్చని ఉంది. అదే డబ్బా, అవే పార్టులు. మారింది డిస్కు ఒక్కటే.

తాళం గుచ్చింది. దాని దీపం వెలగలేదు. డిస్కులో ముందే ఎక్కించి ఉన్న టైపింగ్ సాఫ్ట్‌వేరు నొక్కితే, తాళం దొరకలేదని చెప్పి మూసుకుపోయింది. ఇంకోసారి చేసింది. అంతే.

"ఆ తాళానికి డ్రైవరని ఒకటి ఉంటది. కంపెనీ వాళ్ళు ముప్పై రెండుకే చేశారు. ముప్పై రెండు ప్రోగ్రాములు చానావరకు అరవై నాలుగు విండోస్‌లో నడుస్తాయక్కా, కానీ డ్రైవర్లు నడవవు. డ్రైవరు ఏ విండోస్‌కి ఆ విండోస్‌దే ఉండాలి. ఎక్కడన్నా దొరుకుద్దేమోనని రెండు రోజులు వెతికా. గుంటూరులో ఇద్దరిని అడిగా. లేదు. ఆఖరికి ఆ నీలం డిస్కు పక్కన పెట్టి, వేరే డిస్కులో ముప్పై రెండు వేశా. వెంటనే దీపం వెలిగింది. మీకు కావాల్సింది తెలుగు గదా, ర్యామ్ కాదు గదా అనుకున్నా."

హైమావతి తాళం పీకి చేతిలో పట్టుకుంది. తన అనుమానంలో ప్రతి ముక్కకూ జవాబుంది. మూడు రోజులకు కూడా. తన కోసం పట్టిన మూడు రోజులే తన మనసులో దొంగతనానికి సాక్ష్యమయ్యాయి.

"ఈ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అడిగింది. కోపంగా కాదు.

యాకూబ్ తల దించుకున్నాడు. "చెప్తే మీకు అర్థం కాదులే అనుకున్నా. అది నా తప్పే."

"అర్థం కాదని ఎట్టా తెలుసు నీకు?"

గోపాలరావు అప్పటికే రోడ్డు మీదకు వెళ్ళి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు.

తన డిస్కు మళ్ళీ బిగించింది. యాకూబ్ గోడ దగ్గర్నుంచి కదలకుండానే, ఎక్స్86 అని ఉన్న బటన్ నొక్కమన్నాడు. అతని కొట్టు నెట్ మీదే ఫైలు దిగింది. ఈసారి నీలం పెట్టె రాలేదు. వరసగా పచ్చ గీత నిండింది. ఇంటికి వెళ్ళి స్కానరు తగిలిస్తే మొదటి కాగితానికే బొమ్మ వచ్చింది.

ఆ మధ్యాహ్నం భానుప్రకాష్‌కు ఫోను చేసింది. పలకరింపులేం లేకుండా ఆ లైను మొత్తం, కామాతో సహా, చదివి వినిపించింది.

"ఆఁ, అదా అత్తయ్యా! ఆ రోజు సిగ్నల్ సరిగా లేదు, నాకు మొత్తం వినపడలా."

"నువ్వే చాలన్నావు గదరా."

"అన్నానా? గుర్తులేదు. ఏదేమైనా అది పాత డబ్బానే, ఎక్స్ఛేంజి..."

ఆమె ఫోను పెట్టేసింది. వాడికి ఆ రెండో సగం తెలుసా? తెలిసే ఆపాడా? అన్నేళ్ళుగా కంప్యూటర్లు అమ్మేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ నిజంగానే తొందరలో అన్నాడేమో. పొద్దుటిదాకా యాకూబ్ మీద పెట్టుకున్న అనుమానాన్నే ఇప్పుడు తీసుకెళ్ళి ఇంకొకడి మీద పెడుతున్నానా అనుకుంది. తేలలేదు. చదివి తేల్చుకోవడానికి మనిషికి ప్రాపర్టీస్ లేవు.

మర్నాడు టీ వేళకు, ఆ ఇద్దరు లేఖరుల ముందే నిలబడి, "యాకూబ్ ఏ పార్టూ మార్చలేదు. నేను సగం లైను చదివి అన్నాను. తప్పు నాది," అంది. ఒకతను తలూపాడు. ఇంకొకతను "పోనీలేమ్మా, మొత్తానికి పని జరిగింది గదా," అన్నాడు, దొంగతనం మాట అప్పటికీ అబద్ధం కాదన్నట్టు. బడి కరస్పాండెంటు దగ్గరికి కూడా వెళ్ళింది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, చూద్దామన్నాడు. ఆ ఆరు కంప్యూటర్లు మాచర్లలో ఎవరికో వెళ్ళాయని తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే యాకూబ్ కొట్టుకు మళ్ళీ వెళ్ళింది. చేతిలో ఒక కాగితం ఉంది. దస్తావేజు రాసినంత శ్రద్ధగా టైపు చేసిన నమూనా అది. కంప్యూటరు తీసుకున్న తేదీ, ప్రాసెసరు, ర్యామ్, సిస్టమ్ టైప్ లైను పూర్తిగా, ముందు ఏ విండోస్, ఇప్పుడు ఏ విండోస్, ఎందుకు మార్చారు. కింద రెండు సంతకాలు, ఇచ్చినవారిది, పుచ్చుకున్నవారిది.

"తీసుకునేటప్పుడొకటి, ఇచ్చేటప్పుడొకటి. వాళ్ళచేతే చదివించు. అర్థం కాదనుకోబాకు."

యాకూబ్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎన్ని కాపీలు తెచ్చారు?"

"వంద."

"టీ చెప్తానక్కా," అన్నాడు అలవాటుగా. మళ్ళీ తనే ఆగి, "వద్దులెండి, పనుంది," అని ప్రింటరు మీదకు వంగాడు.

ఆమె ఇంకో నిమిషం నిలబడింది. అతను తలెత్తలేదు. కోపమా, సిగ్గా, నిజంగానే పనా, ఆమెకు అర్థం కాలేదు. గడప దిగుతుంటే వెనకనుంచి అతని గొంతు వినపడింది.

"ఆ నకళ్ళు మెల్లిగా ఏ కంప్యూటర్లోనైనా వచ్చే కొత్త తెలుగు అక్షరాల్లోకి మార్చుకోండక్కా. ఆ తాళం ఎన్నాళ్ళుంటదో తెలియదు. ముప్పై రెండు విండోస్ కూడా ఎన్నాళ్ళో ఉండదు. ఎట్టా మార్చాలో ఆదివారం చెప్తా. మీరే చేయాలి, నేను ముట్టుకోను."

"సరే," అంది హైమావతి. "ఆదివారం వస్తా."